ఖాళీ గిన్నె తిరిగివ్వం కదా!

స్నేహితురాలి ఊళ్లో పండక్కి అయిదు రోజులుండి, తిరుగు బస్సెక్కే ముందు వాళ్లమ్మగారి చేయి పట్టుకుని "చాలా థాంక్సండీ" అంటే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే. "మనలో మనకి థాంక్సులేంటమ్మా? నువ్వేమైనా పైదానివా?" అంటారావిడ.

ఆ మాట పట్టుకుని, ఇంటికి చేరాక ఇంకేమీ రాయక్కర్లేదనుకుంటారు చాలామంది. కానీ నాలుగు రోజులైనా మన దగ్గర్నుంచి ఏ కబురూ లేకపోతే, "ఆ అమ్మాయి బాగానే చేరిందా? మనింటి గురించి ఏమైనా అందా?" అని కూతురికి ఫోన్ చేసి అడిగేది కూడా ఆవిడే. ఆవిడ వద్దన్నది థాంక్స్ అనే మాటని. కబురుని కాదు.

మన భాషలో ఈ చిక్కు ఉంది. 'ధన్యవాదాలు' అంటే సభ చివర వందన సమర్పణ చేసేవారి గొంతు వినిపిస్తుంది. 'కృతజ్ఞతలు' అంటే దరఖాస్తు గుర్తొస్తుంది. అమెరికాలో చదువుకునే మన పిల్లలు అక్కడి స్నేహితుల ఇళ్లలో నాలుగు రోజులుండి వస్తే, చేత్తో రాసిన చిన్న కార్డు పంపడం అక్కడి మర్యాద. అందులో థాంక్స్ అన్న మాట నేరుగా ఉండి తీరాలి. మన ఇళ్లల్లో అదే మాట ఒంటరిగా నిలబడితే, పెట్టిన అన్నానికి లెక్క చెల్లగట్టినట్టు ఉంటుంది. అందుకే మనం గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అనం, 'వెళ్లొస్తాను' అంటాం. స్నేహితుల తల్లిదండ్రులకు రాసే నాలుగు మాటలు కూడా ఈ 'వెళ్లొస్తాను'కి కొనసాగింపుగా ఉండాలి. అదెలాగో ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచీ చూద్దాం.

ఒక అమ్మాయి, అయిదు రోజులు

వరంగల్ అమ్మాయి ఒకామె హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోందనుకోండి. హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే స్నేహితురాలిది కోనసీమ, అంబాజీపేట దగ్గర పల్లె. సంక్రాంతికి ఇద్దరూ కలిసి ఆ ఊరెళ్లారు. భోగి ముందురోజు పొద్దున దిగారు. కనుమనాడు కాకైనా కదలదని ఇంట్లోవాళ్లు ఆపేశారు కాబట్టి మర్నాడు రాత్రి బస్సుకి ఈ అమ్మాయి ఒక్కతే బయల్దేరింది. స్నేహితురాలు ఇంకో వారం అక్కడే ఉంది.

పొద్దున్నే హాస్టల్‌కి చేరి ఫోన్ తీసింది. స్నేహితురాలి తల్లిదండ్రులకు ఏదైనా పంపాలనుకుంది. చేతికి మొదట వచ్చిన మాటలివి.

"హాయ్ ఆంటీ, అంకుల్! థాంక్యూ సో మచ్ ఫర్ ఎవ్రీథింగ్. మీ ఆతిథ్యం ఎప్పటికీ మరువలేనిది. ఫుడ్ సూపర్. సారీ, మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను. మిస్ యూ ఆల్!"

ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయితే ఈ ముక్కల్ని ఏ ఇంటికైనా పంపొచ్చు. అయిదు రోజుల్లో ఆ ఇంట్లో జరిగింది ఒక్కటీ ఇందులో లేదు. చదివిన తల్లికి ఆ పిల్ల మర్యాద తెలిసిందని తెలుస్తుంది, అంతే. ఆవిడ మనసులో ఉన్న ఏ ప్రశ్నకీ జవాబు దొరకదు.

వాళ్లు పైకి అడగని ప్రశ్నలు

పరాయి ఊరి పిల్లని అయిదు రోజులు ఇంట్లో పెట్టుకున్న తల్లిదండ్రులకు, ఆ పిల్ల వెళ్లిపోయాక కొన్ని ప్రశ్నలు మిగిలిపోతాయి. క్షేమంగా చేరిందా? కడుపునిండా తిందా, మొహమాటపడిందా? రాత్రిళ్లు నిద్ర పట్టిందా? మనవల్ల ఏదైనా లోటు జరిగిందా? పెద్దవాళ్లు వీటిని పైకి అడగరు. అడిగినా మనం "అయ్యో, అదేం లేదండీ" అనేస్తామని వాళ్లకి తెలుసు. మంచి సందేశం ఈ నాలుగు ప్రశ్నలకీ అడగకుండానే జవాబు చెబుతుంది. ఇదొక్కటి గుర్తుంటే ఏం రాయాలో, ఏం వదిలేయాలో దానంతటదే తేలుతుంది.

పాత ఉత్తరాలకి ఈ సంగతి బాగా తెలుసు. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. ఆ తర్వాత నూరేళ్లకు పైగా, ఊరెళ్లేవాళ్లకి బస్సు దగ్గర చెప్పే ఆఖరి మాట "చేరగానే ఉత్తరం రాయి" అనే. ఆ కార్డులో 'ఉభయకుశలోపరి' అన్నాక రాసే మొదటి వాక్యం 'క్షేమంగా చేరాను' అని. ఇక్కడా అక్కడా అందరూ క్షేమమన్న సంగతి ముందు తేలాకే మిగతా విషయం. కార్డులు పోయాయి గాని ఆ వరస ఇప్పటికీ సరైనదే.

కాబట్టి మన అమ్మాయి చేయాల్సినవి రెండు పనులు. ఒకటి ఇప్పుడే, ఒకటి రెండు మూడు రోజులాగి.

ఇప్పుడు చేయాల్సింది చేరానన్న కబురు. రెండు మూడు ముక్కలు చాలు.

"అమ్మా, పొద్దున ఏడింటికి మంచిగ చేరిన. బస్సుల నిద్ర పట్టింది. మీరు కట్టిచ్చిన పులిహోర రాత్రే తిన్న. డబ్బా జాగ్రత్తగ ఉన్నది."

వరంగల్ పిల్ల వరంగల్ మాటల్లోనే రాసిందని గమనించండి. ఆ అయిదు రోజులూ ఆ ఇంట్లో వినిపించిన గొంతు అది. "నేను సురక్షితంగా గమ్యస్థానం చేరుకున్నాను" అని రాస్తే ఆ గొంతు మాయమైపోతుంది. పొగడ్తలకు ఇది సమయం కాదు. రాత్రంతా ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్న మనిషికి ముందు కావలసింది నిశ్చింత.

ఏమని పిలవాలి?

రెండో సందేశం రాయబోయే ముందు తేల్చుకోవలసింది పిలుపు. దీనికి సూత్రం ఒకటే. ఎదురుగా ఉన్నప్పుడు ఏమని పిలిచామో కాగితం మీదా అదే. అయిదు రోజులు 'అమ్మా' అని పిలిచి, రాతలో 'గౌరవనీయులైన ఆంటీ గారికి' అంటే ఒక్కసారిగా గడప బయట నిలబడినట్టే. ఆంటీ, అంకుల్ అని పిలిచిన ఇంటికి అలాగే రాయొచ్చు. అందులో తప్పేమీ లేదు.

మన వరసలతో మాత్రం జాగ్రత్త కావాలి. పిన్ని, పెద్దమ్మ అన్నామంటే వాళ్ల పిల్లలు మనకు అన్నాతమ్ముళ్లు, అక్కాచెల్లెళ్లు అవుతారు. అత్తయ్య, మామయ్య అన్నామంటే వాళ్లబ్బాయి బావ వరస. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన అబ్బాయి ఉన్నప్పుడు, ఎదురుగా ఎప్పుడూ అనని 'అత్తయ్యా' అన్న పిలుపు రాతలో ప్రేమకొద్దీ వాడినా, అది నలుగురి నోళ్లలోనూ పడుతుంది. వాళ్లే "అత్తయ్య అని పిలువమ్మా" అని ఉంటే వేరు. మనంతట మనం కొత్త వరస కలపకూడదు.

పలకరింపు కూడా ఆ ఇంటి పద్ధతినిబట్టే. చాలా ఇళ్లకు 'నమస్కారం' సరిపోతుంది. క్రైస్తవుల ఇంట్లో ఉండి వస్తే 'వందనాలు' అన్న మాట వాళ్లకు దగ్గరగా వినిపిస్తుంది. ముస్లింల ఇంట్లో వాళ్లు మనల్ని సలాంతో పలకరించి ఉంటే మనమూ సలాంతో మొదలుపెట్టొచ్చు. రెండు మూడు పూటలు ఆ ఇంట్లో చెవులు పెట్టి విన్నవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

లిపి సంగతి కూడా ఇక్కడే. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కుర్రకారుకి అలవాటే గాని, అరవై దాటినవాళ్లు దాన్ని కూడబలుక్కుని చదవాలి. తెలుగు అక్షరాల్లో రాస్తే ఆవిడ తనంతట తాను చదువుకుంటుంది, మళ్లీ చదువుకుంటుంది. చదువు రాని పెద్దవాళ్లయితే అవే మాటల్ని గొంతుతో రికార్డు చేసి పంపితే సరి. ఒక నిమిషం దాటకుండా ఉంటే వాళ్లు మళ్లీ మళ్లీ వింటారు.

ముందు గుర్తు చేసుకోవడం

రాయడానికి కూర్చునే ముందు మన అమ్మాయి ఒక కాగితం మీద ఇంట్లోవాళ్ల వరస రాసుకోవాలి. అమ్మ, నాన్న, నాయనమ్మ, అన్నయ్య, రోజూ వచ్చి అంట్లు తోమే మనిషి. ఒక్కొక్కరి పక్కన, ఆ మనిషి తనకోసం చేసిన పని ఒకటి. 'ప్రేమగా చూశారు' అనేది పని కాదు. కంటితో చూడగలిగినది కావాలి.

అమ్మ పక్కన ఏం రాస్తుంది? ఆ ఇంట్లో అందరూ కాఫీ తాగుతారు. తనకి టీ అలవాటు. మొదటిరోజు ఇచ్చిన కాఫీ మాట్లాడకుండా తాగింది. రెండోరోజు పొద్దున్న ఎవరూ అడక్కుండానే తనకు విడిగా అల్లం టీ వచ్చింది. సగం మిగిలిపోయిన కాఫీ గ్లాసు ఆవిడ కంటపడి ఉంటుంది.

నాన్నగారి పక్కన రెండున్నాయి. ముందుగది వీళ్లిద్దరికీ ఇచ్చేసి ఆయన రాత్రిళ్లన్నీ హాల్లో మడతమంచం మీద పడుకున్నారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లారు. పదకొండు ఊళ్లనుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వస్తుంటే ఏది ఏ ఊరిదో చెప్పారు. గంగలకుర్రు ప్రభని కౌశిక కాలువలోంచి మోసుకొస్తున్నప్పుడు బాగా కనిపించే గట్టు వెతికి నిలబెట్టారు.

ఇలాంటి సందేశాల్లో సాధారణంగా జరిగే పొరపాటు ఇక్కడే తెలుస్తుంది. తల్లికి వంట గురించి నాలుగు మాటలుంటాయి, తండ్రి 'అంకుల్‌కి కూడా థాంక్స్ చెప్పండి' అన్న తోకలో ఇరుక్కుపోతాడు. ఇంటి మగవాళ్ల ఆదరణ తరచు మాటల్లో ఉండదు. బస్టాండులో బస్సు కదిలేదాకా నిలబడటంలోనో, మంచం ఖాళీ చేయడంలోనో ఉంటుంది. అది మన కంటపడిందని చెప్పడమే ఆయనకు చెందాల్సిన కృతజ్ఞత.

ఇక, భోగి రాత్రి ఈ అమ్మాయికి కడుపులో బాగోలేదు. అమ్మ వాము నీళ్లిచ్చి, మర్నాడు మజ్జిగన్నం పెట్టారు. సాయంత్రానికి తగ్గింది. దీన్ని రాయాలా, దాటేయాలా? చాలామంది దాటేస్తారు. కానీ ఆ తల్లి మనసులో పెట్టుకుని బాధపడుతున్నది ఇదే కావొచ్చు. నా చేతి వంట పడలేదేమో, నూనె ఎక్కువైందేమో అనుకుంటూ ఉంటుంది. కాబట్టి రాయాలి, ఆవిడ నిశ్చింతపడేలా రాయాలి.

రాసిన సందేశం

మూడోరోజు రాత్రి, భోజనాలయ్యే వేళకి మన అమ్మాయి పంపిన సందేశం ఇది.

"అమ్మా, నాన్నా, నమస్కారం. ఇక్కడ నేను మంచిగున్న. కడుపు పూర్తిగ కుదురుకున్నది. అది వచ్చేటప్పుడు దారిల తిన్న బజ్జీల పనే, మీ ఇంటి వంటది కాదు. మీ వాము నీళ్ల సంగతి మా అమ్మకు చెప్పిన. ఆమె కూడ గట్లనే ఇస్తదట.

అమ్మా, మొదటిరోజు నేను కాఫీ సగం వదిలిన. మీరేం అడగలే. రెండోరోజు పొద్దున నా ముందట అల్లం టీ ఉన్నది. ఇక్కడ హాస్టల్ల టీ తాగినప్పుడల్లా అదే యాదికొస్తున్నది.

నాన్నా, మాకు మీ గది ఇచ్చి మీరు హాల్ల పడుకున్నరు. నేను రాత్రి నీళ్లకు లేచినప్పుడు చూసిన. కౌశికల ప్రభ దిగినప్పుడు మీరు నన్ను గట్టు మీదికి ఎక్కించకపోతే నాకు జనం తలకాయలే కనపడేటివి. ఆ ఫొటోలు పంపుతున్న. మీరూ అమ్మా నవ్వుకుంట ఉన్నది ఒకటున్నది, అది కడిగించి పంపుత.

నాయనమ్మకు చెప్పండి, తేగ చీల్చుడు నాకు వచ్చేసింది. అన్నయ్య ఆ రాత్రి బస్సు నంబరు రాసుకొని డ్రైవర్‌తోని మాట్లాడిండు, అది నేను మరువ.

అమ్మా, ఒక్కటి అడగాలె. కంద బచ్చలి కూరల ఆవ పొయ్యి మీద ఉన్నప్పుడే కలపాల్నా, దించినంక కలపాల్నా? వచ్చే ఆదివారం మా ఇంట్ల చేద్దామనుకుంటున్న.

సున్నుండల డబ్బా నా దగ్గరనే ఉన్నది. శివరాత్రికి మీ అమ్మాయితోని పంపుత."

ఇందులో థాంక్స్ అన్న మాట లేదు. ఉన్నా తప్పు లేదు గాని, ఇక్కడ దాని అవసరం రాలేదు. చేరిందా, తిందా, నిద్రపోయిందా, లోటేమైనా జరిగిందా అన్న నాలుగు ప్రశ్నలకీ జవాబు వచ్చేసింది. ఇంట్లో ప్రతి మనిషీ ఎక్కడో ఒకచోట తన పేరు లేకుండానే తనని తాను చూసుకోగలరు.

ఆవ గురించిన ప్రశ్న కూడా ఊరికే పెట్టింది కాదు. మెచ్చుకోలుకు ఆవిడ "అయ్యో, అదేముందమ్మా" అని ఊరుకోవాలి. ప్రశ్నకైతే జవాబు చెప్పొచ్చు. "దించి కాస్త చల్లారాకే కలపాలి, వేడిమీద కలిపితే చేదొస్తుంది" అని ఆవిడ ఫోన్ చేస్తుంది. అలా ఒక దారి తెరుచుకుంటుంది. అయితే ప్రశ్న నిజమైనదై ఉండాలి. ఆదివారం ఆ కూర నిజంగా వండాలి, ఎలా వచ్చిందో చెప్పాలి.

రాయకుండా వదిలేసినవి

ఆమె వదిలేసినవీ కొన్ని ఉన్నాయి. మొదటి ముసాయిదాలో ఉన్న 'ఇబ్బంది పెట్టాను, సారీ' పోయింది. మనం ఇబ్బంది పెట్టామని రాస్తే, వాళ్లు ఆ ఇబ్బంది మొహంలో కనబరిచారేమోనని వాళ్లకి అనుమానం మొదలవుతుంది. 'మా ఇంట్లో కూడా ఇలా ఎవరూ చూసుకోరు' అన్న మాట కూడా రాలేదు. ఆ పొగడ్త కన్నతల్లిని తగ్గిస్తుంది, వినే తల్లికీ అది రుచించదు. మా అమ్మా ఇలాగే చేస్తుందని చెబితే రెండిళ్లూ దగ్గరవుతాయి.

డబ్బు ఊసు కూడా లేదు. ఇంత ఖర్చు పెట్టారు అనీ, ఈసారి ఖర్చు నాది అనీ రాస్తే ఆదరణకి ధర కట్టినట్టవుతుంది. ఆ అయిదు రోజుల్లో ఒక రాత్రి, పొలం కౌలు గురించి నాన్నగారూ అన్నయ్యా గట్టిగా మాట్లాడుకోవడం ఆమె విన్నది. దాని ఛాయ కూడా రాతలో పడనివ్వలేదు. ఇలాంటి సందేశాన్ని ఇంట్లో ఒకరు గట్టిగా చదువుతారు, పక్కింటివాళ్లూ వింటారు, బంధువుల ఫోన్లకీ వెళ్తుంది. అందుకని ఎవరు చదివినా ఫర్వాలేనివే అందులో ఉండాలి. ఫొటోలు కూడా ముందు వాళ్లకే పంపింది. వాళ్లు సరేనన్నాకే నలుగురికీ చూపించడం.

ఇంకొకటుంది. భోంచేశాక 'అన్నదాతా సుఖీభవ' అనడం మన పెద్దల అలవాటు. వినడానికి బాగుందని దాన్ని ఇలాంటి సందేశంలో పెట్టాలనిపిస్తుంది. కానీ అది దీవెన. వయసులో చిన్నవాళ్లు పెద్దవాళ్లని దీవించడం మన పద్ధతి కాదు. ఇరవై అయిదేళ్ల పిల్ల నోట అది పొసగదు. చిన్నవాళ్ల నోటికి నమస్కారమే అందం.

ఈ మాటలన్నీ స్నేహితురాలి ద్వారా చెప్పిస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. "మా అమ్మకి థాంక్సేంటే" అని నవ్వేసి ఆమె మర్చిపోతుంది. చెప్పినా "అది చాలా మెచ్చుకుందమ్మా" అన్న ఒక్క ముక్కగా కుదించేస్తుంది. అల్లం టీ, మడతమంచం ఆ ముక్కలో మిగలవు. వాళ్ల ఫోన్‌కి నేరుగా వెళ్తేనే అవి అందుతాయి.

డబ్బా సంగతి

తెలుగు ఊళ్లల్లో ఇరుగుపొరుగుల మధ్య ఒక అలవాటుంది. పక్కింటివాళ్లు కూర పంపిన గిన్నెని కడిగి ఖాళీగా తిరిగివ్వం. ఇంట్లో ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. తిరిగి పెట్టేది వాళ్లు పంపినదానికి సమానం కానక్కర్లేదు. సమానం చేయాలని చూడకపోవడంలోనే దాని అందం ఉంది. గిన్నె అటూ ఇటూ తిరుగుతూ ఉండటమే కావలసింది.

శివరాత్రికి స్నేహితురాలు ఊరెళ్తున్నప్పుడు మన అమ్మాయి ఆ స్టీలు డబ్బా ఇచ్చింది. లోపల వాళ్లమ్మ వరంగల్‌లో చేసిన సకినాలున్నాయి. బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, గుడ్డ మీద చేత్తో చుట్లు చుట్టి, ఆరబెట్టి వేయించినవి. కోనసీమలో ఆ ఇంట్లో అవి ఎవరూ అంతకుముందు తినలేదు. సకినాల పైన, కడిగించిన ఫొటో ఒక కవర్లో పెట్టి ఉంది.

ఆ రాత్రి అటునుంచి ఫోనొచ్చింది. "మీ అమ్మగారికివ్వమ్మా, వీటిని పిండి విరక్కుండా ఎలా చుడతారో అడగాలి" అన్నారావిడ.